చెరువులో ఎన్ని నీళ్లు పడతాయి: ఎకో సౌండర్ రీడింగుల నుంచి నిల్వ లెక్క దాకా (ప్రాజెక్టు డైరీ)

వరంగల్ వైపు ఒక మామూలు ఊరి చెరువు. పాత రికార్డులో నిల్వ 16.9 ఎం.సి.ఎఫ్.టి., అంటే 16.9 మిలియన్ ఘనపు అడుగులు, అని ఉంది. అది ఏ కాలపు కొలతో రాసి లేదు. ఆ తర్వాత పూడిక చేరింది, 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక జేసీబీలు దిగి కొంత మట్టి తీశాయి, శిఖం అంచుల్లో పొలాలు ముందుకు జరిగాయి. ఇప్పుడు నిజంగా ఎన్ని నీళ్లు పడతాయన్నది తేల్చడానికే ఈ పని. చెరువు ఎండేదాకా ఆగి లెవెలింగ్ చేయొచ్చు గానీ తూము ముందు గుంత ఎండడం అరుదు. అందుకే శబ్దం అడుగుకు తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు చెప్పే ఎకో సౌండర్‌తో పడవ మీద నుంచి లోతులు కొలిచి, వాటి మధ్య ఉపరితలం అల్లి, ఘనపరిమాణం లెక్కగట్టాం.

నిల్వ లెక్కలో సౌండర్ వల్ల వచ్చే తప్పు చిన్నది. సౌండర్ వెళ్లని చోట మనం ఊహించుకునే లోతులోనే పెద్ద తప్పుంటుంది. అందుకే ఈ డైరీలో ఎక్కువ భాగం అంచుల గురించీ, లైన్ల మధ్య ఖాళీల గురించీ ఉంటుంది.

## దశ 1: సామాను, సున్నా గుర్తు

వాడినవి: సౌండర్‌గా 200 కిలోహెర్ట్జ్ ఫిష్ ఫైండర్, దాని రీడింగును జీపీఎస్‌తో కలిపి సెకనుకొకటి రాసుకునే లాగర్, మత్స్యకారుల చిన్న ఫైబర్ పడవ, సెంటీమీటర్ల గీతలు గీసిన వెదురు గడ, తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల పైపు, లైఫ్ జాకెట్లు.

ముందు పుట్టి మీద ప్రయత్నించాం. తెడ్డు వేసినప్పుడల్లా అది తిరుగుతుంది. లైను వంకర పోవడమే కాక సౌండర్ కూడా పక్కకు ఒరుగుతుంది, ఏటవాలుగా కొలిచిన లోతు ఎక్కువ చూపిస్తుంది. పడవకు మారాక ఆ గొడవ పోయింది.

నీటి ఉపరితలమే మన లెవెల్. చెరువంతా ఒకే మట్టం కాబట్టి ప్రతి లోతునూ దాని నుంచే కొలుస్తాం. కాకపోతే ఆ మట్టం రోజూ మారుతుంది.

1. తూము దగ్గర సెంటీమీటర్ల టేపు అంటించిన గేజీ కర్ర పాతాం. పని మొదలుపెట్టిన రోజు రీడింగే మూల మట్టం (G0).
2. మత్తడి, అంటే అలుగు గడప నుంచి ఆ రోజు నీటి మట్టం ఎంత కింద ఉందో నీళ్ల పైపుతో అంచెలంచెలుగా దించుకొచ్చాం: 0.62 మీటర్లు. తిరుగు దారిలో మళ్లీ కొలిస్తే 1 సెంటీమీటరు తేడా వచ్చింది.
3. పడవ ఎక్కే ముందూ దిగాకా గేజీ చదివి రాసుకున్నాం.

మూడో అంశమే తర్వాత కాపాడింది. యాసంగి నారుమళ్లకు మధ్యలో తూము వదిలారు. పని ముగిసేసరికి మట్టం 9 సెంటీమీటర్లు దిగింది.

## దశ 2: సౌండర్‌ను సరిచూడడం

సౌండర్ లోతును తన ముఖం నుంచి కొలుస్తుంది, నీటి మట్టం నుంచి కాదు. ఇనుప పలకను గొలుసుకు కట్టి, నీటి మట్టం నుంచి సరిగ్గా 1, 2, 3 మీటర్ల కిందికి దించి చూస్తే రీడింగులు ఇవి: 0.81, 1.81, 2.82. మూడు చోట్లా లోటు 18, 19 సెంటీమీటర్లే. అంటే సౌండర్ నీళ్లలో మునిగిన మేర. 0.19 కలిపితే సరిపోతుంది.

శబ్ద వేగం గురించి చాలామంది టెన్షన్ పడతారు. మా యంత్రం సెకనుకు 1500 మీటర్లు అనుకుని లెక్కిస్తుంది. 25 డిగ్రీల మంచినీళ్లలో అసలు వేగం 1497 దాకా ఉంటుంది. నాలుగు మీటర్ల లోతులో ఆ తేడా సెంటీమీటరు కూడా రాదు, కాబట్టి వదిలేశాం. మునిగిన 19 సెంటీమీటర్లను వదిలేస్తే మాత్రం, ఈ విస్తీర్ణం మీద 35,000 ఘనపు మీటర్లు గల్లంతవుతాయి. ఒక్కో రీడింగు అటూ ఇటూ ఊగితే కూడికలో సర్దుకుంటుంది. అన్నీ ఒకే వైపు తప్పితే ఆ తప్పు అలాగే పేరుకుపోతుంది.

లాగర్‌లో పడే వాక్యాలు ఇలా ఉంటాయి (చివరి చెక్‌సమ్ తీసేశాను):

```
$SDDBT,7.9,f,2.40,M,1.3,F
$SDDPT,2.40,0.19
```

`DBT` సౌండర్ కింది లోతు మాత్రమే ఇస్తుంది. `DPT`లో రెండో అంకె యంత్రం సెట్టింగులో పెట్టిన ఆఫ్‌సెట్. కొన్ని యాప్‌లు దాన్ని కలిపేసి సీఎస్‌వీ ఇస్తాయి, కొన్ని కలపవు. సెట్టింగులో ఒకసారి, లెక్కలో ఒకసారి పడితే 19 కాస్తా 38 అవుతుంది. సెట్టింగులో సున్నా పెట్టేసి లెక్కలోనే కలిపాం:

```
depth = reading + 0.19 + (G0 - G)
```

G అంటే ఆ పూట గేజీ. అది G0 కంటే తక్కువ ఉంటే ఆ తేడా లోతుకు కలుస్తుంది. అన్ని రోజుల లోతులూ మొదటి రోజు మట్టానికి వచ్చేస్తాయి.

## దశ 3: లైన్లు, మొదటి లెక్క

వాగు కట్టకు అడ్డంగా వచ్చి చేరుతుంది. దాన్ని కోసుకుంటూ పోవాలంటే లైన్లు కట్టకు సమాంతరంగా ఉండాలి. ముందు 40 మీటర్ల ఎడం పెట్టాం. వాటికి అడ్డంగా, సరిచూడడానికి మాత్రమే, కొన్ని లైన్లు వేశాం. రెండు లైన్లు కలిసే చోట రెండు లోతులూ ఒకటే రావాలి. మాకు తేడా ఎక్కువ చోట్ల 5 సెంటీమీటర్ల లోపే ఉంది. సౌండర్ మీద నమ్మకం కుదిరింది.

ఆ పాయింట్లను జోన్ 44 యూటీఎంలోకి (`EPSG:32644`) మార్చి, క్యూజీఐఎస్ మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో, దగ్గరి పాయింట్లకు ఎక్కువ బరువిచ్చి సగటు తీసే ఐడీడబ్ల్యూ పద్ధతితో ఉపరితలం అల్లి, నీటి అంచు గీతతో కత్తిరించాం. విస్తీర్ణం 18.4 హెక్టార్లు.

| లెక్క ఎక్కడికొచ్చింది | ఘనపు మీటర్లు |
|---|---|
| ముడి రీడింగులతో | 2,96,000 |
| 0.19 కలిపాక | 3,31,000 |
| గేజీ సవరణ తర్వాత | 3,38,000 |

ఈ 3,38,000 చూసి ఆగిపోతే పాత రికార్డుతో చక్కగా సరిపోయేది. పైన 0.62 మీటర్ల పొర కలిపితే 16.5 ఎం.సి.ఎఫ్.టి. దాకా వస్తుంది. సరిపోయింది కదా అని అక్కడితో వదిలేయడం ఇందులో పెద్ద ప్రమాదం. ఆ అంకెలో అబద్ధపు లోతులున్నాయి.

## దశ 4: అబద్ధపు లోతులు

రెట్టింపు లోతు. సౌండర్ ముఖం కింద అర మీటరు లోపు ఉంటే మా యంత్రం మొదటి ప్రతిధ్వనిని పట్టుకోలేదు. ఆ శబ్దం పైకొచ్చి నీటి ఉపరితలానికి తగిలి, మళ్లీ కిందికెళ్లి రెండోసారి వచ్చినప్పుడు పట్టుకుంటుంది. దాంతో 0.55 మీటర్ల నీళ్లున్న చోట సవరణ తర్వాత 1.10 అని చూపించింది. సరిగ్గా రెట్టింపు. గుర్తుపట్టడం తేలికే: పడవ గట్టు వైపు వస్తుంటే లోతు తగ్గుతూ తగ్గుతూ ఒక్కసారి రెట్టింపుకు ఎగురుతుంది, అక్కడి నుంచి రెండింతల వాలుతో దిగుతుంది. 0.8 మీటర్ల లోపు లోతులన్నీ తీసేసి గడతో కొలిచాం. రెట్టింపు వల్ల అంతకంటే ఎక్కువ చూపే అంచు పాయింట్లను లైను బొమ్మ చూసి చేత్తో ఏరేశాం.

నాచు. మునిగి ఉన్న నాచు దట్టంగా ఉన్న చోట శబ్దం దాని తల మీదే తగిలి తిరిగొస్తుంది. ఒక మూల సౌండర్ 1.1 అంటే గడ 1.9 అంది. ఇక్కడ రీడింగులు పక్కపక్కనే గజిబిజిగా ఎగురుతూ దిగుతూ ఉంటాయి. అందుకే ప్రతి 5 మీటర్లకు సగటు తీయకుండా, నాచు ఉన్న మేరలో లోతైన వాటి వైపు నుంచి ఎంచి, గడతో సరిచూసుకున్నాం.

గడ కూడా అబద్ధం చెబుతుంది. మెత్తని ఒండ్రులో అది చేతి బరువుకే జానెడు దిగిపోతుంది. కింద అరచేయంత పలక బిగించాక ఒండ్రు పైనే ఆగింది. నిల్వకు కావాల్సింది ఒండ్రు పై మట్టమే, దాని కింది గట్టి నేల కాదు.

రెట్టింపు లోతూ నాచూ వ్యతిరేక దిశల తప్పులు కాబట్టి మొత్తం పెద్దగా కదల్లేదు: 3,34,000.

## దశ 5: అంచు, అసలు దెబ్బ ఇక్కడే

పడవ వెళ్లేది అర మీటరు నీళ్ల దాకానే. అక్కడి నుంచి గట్టు దాకా ఐడీడబ్ల్యూ ఏం చేస్తుంది? దగ్గర్లో ఉన్న పాయింట్ల లోతునే అంచు దాకా లాక్కెళ్తుంది. నీళ్లు సున్నాకు రావాల్సిన చోట ముప్పావు మీటరు చూపిస్తుంది. కట్ట వైపు వాలు నిటారుగా ఉంటుంది కాబట్టి నష్టం తక్కువ. ఎగువ వైపు నేల చాప పరిచినట్టు ఉంటుంది, మీటరు నీళ్లు దిగితే అంచు నూరు మీటర్లకు పైగా వెనక్కి జరుగుతుంది. చెరువులో మూడో వంతుకు పైగా విస్తీర్ణం అలాంటిదే.

చేసిన పని:

1. నీటి అంచు వెంట జీపీఎస్‌తో నడిచి, 10 మీటర్లకొక పాయింటు, లోతు సున్నా అని పెట్టాం.
2. ఎగువ వైపు అంచు నుంచి పడవ ఆగిన చోటుదాకా అడ్డంగా గడతో కొలుచుకుంటూ పోయాం. బురద నడుము దాకా దిగే చోట్లున్నాయి, ఒంటరిగా వెళ్లకూడదు.
3. అప్పుడు మళ్లీ అల్లాం.

లెక్క 3,34,000 నుంచి 2,82,000కు పడిపోయింది. 52,000 ఘనపు మీటర్లు, దాదాపు 1.8 ఎం.సి.ఎఫ్.టి. నీళ్లు లేనిచోట ఉన్నట్టు చూపిన లెక్క అది. ముందు దశల సవరణలన్నీ కలిపినా ఇంత లేదు.

ఇందులోనే ఇంకో మెలిక. కట్ట వైపు అంచు మొదటి రోజే నడిచాం. ఎగువ అంచు నడిచేనాటికి మట్టం 9 సెంటీమీటర్లు దిగి ఉంది. ఆ గీతతో విస్తీర్ణం 17.6 హెక్టార్లే వచ్చింది, ఎందుకంటే అక్కడ 9 సెంటీమీటర్లకు అంచు 10 మీటర్ల దాకా జరుగుతుంది. ఆ నడక వృథా కాలేదు. ఆ పాయింట్లకు సున్నా బదులు 0.09 లోతు ఇచ్చాం. మొదటి రోజు అంచు తడి గీతగా ఇంకా కనిపిస్తూనే ఉంది కాబట్టి దాన్ని మళ్లీ నడిచి 18.4 గీత తీసుకున్నాం. పని మొదలయ్యే రోజే అంచంతా నడిచేస్తే ఈ గోల ఉండదు.

## దశ 6: లైన్ల మధ్య ఏముంది

పడవ మెల్లగా పోతుంది కాబట్టి లైను వెంట అర మీటరుకొక పాయింటు. పక్క లైను 40 మీటర్ల దూరం. ఐడీడబ్ల్యూకు దగ్గరి 12 పాయింట్లు చూడమంటే ఆ పన్నెండూ ఒకే లైనులో ఒక ఆరేడు మీటర్ల ముక్కలోవే అవుతాయి. పక్క లైనులో ఏముందో దానికి తెలియదు. ఉపరితలం మీద దున్నిన సాళ్లలా గీతలు పడ్డాయి. గీతలు కనిపిస్తే పద్ధతి లైన్లను చూపిస్తోందనీ, అడుగును కాదనీ అర్థం.

రెండు మార్పులు చేశాం. లైను వెంట 5 మీటర్లకొక మధ్యస్థ విలువ మాత్రమే ఉంచాం. ఐడీడబ్ల్యూ వదిలి త్రిభుజాల పద్ధతికి (టిన్) మారాం. అది ఒక లైను నుంచి పక్క లైనుకు నేరుగా వాలు గీస్తుంది.

```
gdal_grid -a linear:radius=0:nodata=-9999 -zfield depth \
  -a_srs EPSG:32644 -txe $XMIN $XMAX -tye $YMIN $YMAX -tr 5 5 \
  -l points points.gpkg bed.tif
gdalwarp -cutline shore.gpkg -crop_to_cutline \
  -tr 5 5 -dstnodata -9999 bed.tif clip.tif
```

```python
from osgeo import gdal
d = gdal.Open("clip.tif").ReadAsArray()
print(d[d > 0].sum() * 25)
```

XMIN, XMAX, YMIN, YMAX అంటే చెరువు చుట్టూ యూటీఎం హద్దులు. 25 అంటే 5×5 మీటర్ల గడి వైశాల్యం. `d > 0` లేకపోతే -9999 గడులు కూడా కూడికలోకి వచ్చేస్తాయి.

టిన్‌కూ ఒక జబ్బుంది. అంచు లోపలికి వంగిన చోట త్రిభుజం మూడు మూలలూ సున్నా పాయింట్లే అయితే ఆ మేరంతా లోతు సున్నా అయిపోతుంది. అలాంటి వంపుల్లో మధ్యన గడ పాయింటు ఒక్కటున్నా చాలు.

ఇంతకంటే ముఖ్యమైనది పడవ నడిపిన పెద్దాయన చెప్పాడు. స్క్రీన్ మీద మ్యాప్ చూపిస్తే, "తమ్మీ, వాగు గిట్ల తెగిపోదు, ఒక్క తీరుగ పోతది. నడుమ జేసీబీ గుంతలున్నయ్, నీ గీతలు సక్కగ పోతే అవి దొరకయ్" అన్నాడు. నిజమే. టిన్‌లో పాత వాగు దారి లైను దాటే చోటల్లా గుంతలా, మధ్యలో గట్టులా కనిపించింది. ముత్యాల దండలా గుంతలు వరుసగా వస్తే అది కాలువే. ఆయన చూపించిన దారిలో వాగు పొడవునా పడవ నడిపి ఆ పాయింట్లు కలిపాం. లైన్ల ఎడం 20 మీటర్లకు తగ్గించాం. మూడు గుంతలు బయటపడ్డాయి, పెద్దది సుమారు 60×40 మీటర్లు, చుట్టూ నేల కంటే మీటరుకు పైగా లోతు. ఒండ్రు కోసం తవ్విన చోట్లవి. వాటిలో ఒకటి 40 మీటర్ల లైన్ల మధ్య పూర్తిగా దాక్కుంది.

లెక్క: 2,89,000. ఇదే డేటాకు ఐడీడబ్ల్యూ, టిన్, స్ప్లైన్ మూడూ వేసి చూస్తే 2,86,000 నుంచి 2,91,000 మధ్యే వచ్చాయి. అంచు, కాలువ, గుంతలు సరిగ్గా పట్టుకున్నాక పద్ధతి ఏదైనా పెద్ద తేడా రాదు.

## దశ 7: ఎంతవరకు నమ్మాలి

సాధారణంగా పదో వంతు పాయింట్లను పక్కన పెట్టి, మిగతావాటితో అల్లి, పక్కన పెట్టిన చోట తేడా చూస్తారు. అలా చేస్తే సగటు తేడా 6 సెంటీమీటర్లే వచ్చింది. కానీ పక్కన పెట్టిన పాయింటుకు అటూ ఇటూ 5 మీటర్లలో అదే లైను పాయింట్లున్నాయి. ఆ పరీక్ష కష్టమైన చోటును ముట్టుకోలేదు.

లైనుకు లైనే తీసేసి చూశాం. తేడా 31 సెంటీమీటర్లకు పెరిగింది. భయపడక్కర్లేదు, నిల్వకు కావాల్సింది ప్లస్సులు మైనస్సులు కలిపాక మిగిలేది. అది 4 సెంటీమీటర్లు. 18.4 హెక్టార్ల మీద 7,400 ఘనపు మీటర్లు. అసలు లైన్ల ఎడం కంటే రెట్టింపు ఖాళీతో చేసిన పరీక్ష కాబట్టి నిజమైన తప్పు ఇంతకంటే తక్కువే ఉండాలి.

## దశ 8: మత్తడి మట్టం దాకా

కొలిచింది మూల మట్టం వరకే. మత్తడి గడప దాకా ఇంకా 0.62 మీటర్లు. మత్తడి పోస్తున్న రోజుల్లో మబ్బు లేని సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రం ఒకటి దొరికింది. 10 మీటర్ల పిక్సెల్‌తో నీటి అంచు గీస్తే 23.1 హెక్టార్లు. అంచున తుంగ, వరి పచ్చగా ఉన్నచోట నీళ్లున్నా నేలలాగే కనబడుతుంది, అక్కడ నడిచి సరిచేశాం.

రెండు విస్తీర్ణాల మధ్య పొర:

```
V = h/3 * (A1 + A2 + sqrt(A1*A2))
  = 0.62/3 * (184000 + 231000 + 206165) ≈ 128400
```

| మత్తడి గడప నుంచి (మీ.) | విస్తీర్ణం (హెక్టార్లు) | నిల్వ (ఘ.మీ.) | ఎం.సి.ఎఫ్.టి. |
|---|---|---|---|
| 0 | 23.1 | 4,17,000 | 14.7 |
| 0.62 కింద | 18.4 | 2,89,000 | 10.2 |
| 1.5 కింద | 13.6 | 1,49,000 | 5.3 |
| 2.5 కింద | 6.8 | 49,000 | 1.7 |
| 3.5 కింద (తూము గడప) | 2.0 | 7,000 | 0.25 |

ఒక ఎం.సి.ఎఫ్.టి. అంటే 28,317 ఘనపు మీటర్లు.

తప్పులన్నీ ఒకే వైపు పడ్డాయనుకుంటే: సౌండర్ సవరణలో 2 సెంటీమీటర్లకు 3,700, లైన్ల మధ్య 7,400, ఉపగ్రహ అంచులో అర పిక్సెల్‌కు 3,100, మత్తడి లెవెల్ 1 సెంటీమీటరుకు 2,300. మొత్తం 16,500, అంటే 0.6 ఎం.సి.ఎఫ్.టి. లోపు. పాత రికార్డుకూ మా లెక్కకూ తేడా 2.2. అది కొలత తప్పులో కలిసిపోయేంత చిన్నది కాదు. అయితే అదంతా పూడికే అనడానికీ లేదు. రికార్డు నాటి విస్తీర్ణం తెలియకుండా ఎంత పూడిక, ఎంత ఆక్రమణ అన్నది విడదీయలేం.

## దశ 9: గుంతల నీళ్లు పొలానికి రావు

పై పట్టికలో తూము గడప కింది 7,000 తీసేస్తే పారకానికి 4,10,000 అనిపిస్తుంది. కానీ గుంతల అడుగు తూము గడప కంటే ఎత్తులోనే ఉన్నా, వాటి చుట్టూ గట్టుంది. మట్టం ఆ గట్టు కంటే దిగాక అందులో నీళ్లు అక్కడే ఆగిపోతాయి. తూము దాకా దారి లేదు.

దీన్ని విడిగా లెక్కించడానికి లోతును ఎత్తుగా తిప్పి, క్యూజీఐఎస్‌లో గుంతలు పూడ్చే టూల్ (ఫిల్ సింక్స్) నడిపాం. కట్ట దగ్గర తూము గడప మట్టంలో ఒక గడిని బయటికి దారిగా ఉంచాలి, లేకపోతే టూల్ చెరువు మొత్తాన్నే గుంత అనుకుని పూడ్చేస్తుంది. పూడ్చిన ఉపరితలం నుంచి అసలుది తీసేసి, తూము గడప కింది 7,000 పక్కన పెడితే, గడప పైన చిక్కుకునే నీళ్లు 5,600 ఘనపు మీటర్లు. తవ్వకం వల్ల పెరిగిన నిల్వలో ఎక్కువ భాగం ఇలా చిక్కుకునేదే. చేపలకూ పశువులకూ పనికొస్తుంది, ఆయకట్టుకు కాదు.

పారకానికి మిగిలేది 4,04,400 ఘనపు మీటర్లు, 14.3 ఎం.సి.ఎఫ్.టి. గుంతల నుంచి తూము వైపు కాలువ తవ్వితే ఈ 5,600 కలిసొస్తుంది. పెద్ద గుంతకూ పాత వాగు దారికీ మధ్య గట్టు మ్యాప్‌లో 15 మీటర్ల వెడల్పే ఉంది. వేసవిలో మట్టం దిగాక అక్కడ లెవెల్ వేసి చూడాలి.